ఆదాయం తక్కువ చూపితే జరిమానా ఎంత? పొరపాటుకు సగం, మోసానికి రెండింతలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ పేజీలో ఉన్నవన్నీ హైదరాబాద్‌లో జీతగాళ్ళు, చిన్న వ్యాపారులు మా ఆఫీసుకు వచ్చి అడిగే ప్రశ్నలే. లెక్కలన్నీ 2022-23 ఆర్థిక సంవత్సరానివి, అంటే 2023-24 అసెస్‌మెంట్ సంవత్సరానివి. అవి 1961 ఆదాయపు పన్ను చట్టం, పాత పన్ను విధానం ప్రకారం వేసినవి. ఉదాహరణల్లోని మనుషులు కల్పితం. వాళ్ళు చేసిన పనులు మాత్రం మేం రోజూ చూసేవే.

ఆదాయం తక్కువ చూపినందుకు జరిమానా దేని మీద వేస్తారు? దాచిన ఆదాయం మీదా, పన్ను మీదా?

పన్ను మీద. చాలామంది ఇక్కడే కంగారు పడతారు. మూడు లక్షలు తక్కువ చూపితే జరిమానా ఆరు లక్షలు అనుకుని వణికిపోతూ వచ్చినవాళ్ళున్నారు. సెక్షన్ 270ఏ చెప్పేది వేరు. ముందు తక్కువ చూపిన ఆదాయం ఎంతో తేలుస్తారు, తర్వాత దాని మీద పడాల్సిన పన్ను లెక్కగడతారు. జరిమానా ఆ పన్నులో 50 శాతం. తక్కువ చూపడానికి కారణం తప్పుడు సమాచారం ఇవ్వడమే అని తేలితే మాత్రం 200 శాతం, అంటే పన్నుకు రెండింతలు. అసలు పన్ను, వడ్డీ దీనికి అదనం.

ఈ సెక్షన్ 2016లో వచ్చింది, 2017-18 అసెస్‌మెంట్ సంవత్సరం నుంచి అమలైంది. అంతకు ముందున్న 271(1)(సి) కింద ఎగ్గొట్టిన పన్నుకు ఒకటి నుంచి మూడు రెట్ల దాకా అధికారి తన విచక్షణతో వేసేవారు. ఇప్పుడు ఆ మధ్యస్థ అంకెలు లేవు. ఒకటిన్నర రెట్లు, ఒకటీ పావు రెట్లు అని బేరమాడే వీలు లేదు. సగమో, రెండింతలో తేలాలి. అందుకే మొత్తం గొడవ ఒక్క ప్రశ్న దగ్గరికి వచ్చి ఆగుతుంది: మీది పొరపాటా, కావాలని చేసిందా?

అదెలా ఉంటుందో ఒక లెక్క వేసి చూపిస్తారా?

ఇద్దరు సాఫ్ట్‌వేర్ ఉద్యోగులను తీసుకుందాం. ఒకాయన మణికొండలో ఉంటారు, ఇంకొకాయన మియాపూర్‌లో. ఇద్దరికీ ఏడాది బేసిక్ జీతం 7,50,000. ఇద్దరూ రిటర్న్‌లో పన్ను పడే ఆదాయం 12,00,000 అని చూపారు. ఇద్దరూ ఇంటి అద్దె అలవెన్సు, అంటే హెచ్ఆర్ఏ, మినహాయింపు తీసుకున్నారు. పరిశీలనలో ఇద్దరికీ అందులో సరిగ్గా 75,000 ఎక్కువ తీసుకున్నట్టు తేలింది.

మణికొండ ఆయన సంగతి ముందు చూద్దాం. ఆయన నెలకు 37,500 అద్దె నిజంగానే కట్టారు, బ్యాంకు ద్వారానే కట్టారు. కంపెనీ ఇచ్చిన హెచ్ఆర్ఏ 3,75,000. మినహాయింపుకు మూడు అంకెలు తీసి వాటిలో తక్కువది పట్టుకోవాలి: వచ్చిన హెచ్ఆర్ఏ, కట్టిన అద్దెలోంచి బేసిక్‌లో పదో వంతు తీసేయగా మిగిలింది, బేసిక్‌లో 50 లేదా 40 శాతం. మొదటిది 3,75,000. రెండోది 4,50,000లోంచి 75,000 తీసేస్తే అదీ 3,75,000. మూడోదాని దగ్గర ఆయన కాలు జారింది. హైదరాబాద్ మహానగరం కదా, మెట్రో రైలు కూడా తిరుగుతోంది కదా అని 50 శాతం వేసుకున్నారు. ఆ ఏడాది నిబంధన ప్రకారం 50 శాతం ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నైలకే. హైదరాబాద్‌కు 40 శాతం, అంటే 3,00,000. కంపెనీ ఫారం 16లో 40 శాతమే వేసింది. వాళ్ళే తప్పు చేశారనుకుని ఈయన రిటర్న్‌లో 'సరిచేసి' 23,400 రీఫండ్ తీసుకున్నారు.

మియాపూర్ ఆయన నిజంగా కట్టే అద్దె నెలకు 25,000. కంపెనీ ఇచ్చిన హెచ్ఆర్ఏ 3,00,000. ఈయన 40 శాతమే వేశారు, ఆ లెక్కలో తప్పు లేదు. నిజమైన అద్దె ప్రకారం 3,00,000లోంచి 75,000 పోగా మినహాయింపు 2,25,000 రావాలి. కానీ నెలకు 31,250 చొప్పున రసీదులు తయారుచేసి, ఇల్లుగలాయన సంతకం తనే గీసి కంపెనీకి ఇచ్చారు. దాంతో మినహాయింపు 3,00,000 అయింది.

ఇప్పుడు పన్ను. 12,00,000 మీద పన్ను 1,72,500, దానిపై 4 శాతం సెస్ కలిపి 1,79,400. 75,000 కలిపితే ఆదాయం 12,75,000; పన్ను 1,95,000, సెస్‌తో 2,02,800. ఈ రెండింటి మధ్య తేడా 23,400. చట్టం చెప్పే సూత్రం ఇదే, ఎక్స్‌లోంచి వై తీసేయడం:

```
X = 12,75,000 మీద పన్ను = 2,02,800
Y = 12,00,000 మీద పన్ను = 1,79,400
X - Y                   =   23,400
```

మణికొండ ఆయనకు జరిమానా పడితే 11,700. మియాపూర్ ఆయనకు 46,800. ఆదాయం ఒకటే, తేడా ఒకటే, పన్ను ఒకటే. ఒకరి దగ్గర ఉన్నది తప్పుడు లెక్క, ఇంకొకరి దగ్గర ఉన్నది తప్పుడు కాగితం.

మియాపూర్ ఆయనకు చివరికి ఎంత అయింది?

కంపెనీ ఆ రసీదులు నమ్మి తక్కువ టీడీఎస్ కోసింది కాబట్టి 23,400 పన్ను బాకీ పడింది. సెక్షన్ 234బి కింద దాని మీద నెలకు 1 శాతం వడ్డీ 2023 ఏప్రిల్ నుంచి నడుస్తుంది. ఆర్డర్ 2025 మార్చిలో వచ్చిందనుకుంటే 24 నెలలు, 5,616. జరిమానా 46,800. మొత్తం 75,816.

ఆయన దాచింది 75,000. దాచిన ఆదాయం మొత్తం పోయి, పైన ఇంకో ఎనిమిది వందలు చేతినుంచి పడ్డాయి. ముప్పై శాతం శ్లాబులో ఉన్నవాళ్ళకు రెండింతల జరిమానా పడితే లెక్క దాదాపు ఎప్పుడూ ఇలాగే తేలుతుంది. నూటికి 31.20 పన్ను, 62.40 జరిమానా, అక్కడికే 93.60. మిగిలిన కాస్తా వడ్డీ తినేస్తుంది.

అద్దె కాస్త పెంచి రాస్తే వాళ్ళకెలా తెలుస్తుందండీ?

ఏడాది అద్దె లక్ష దాటితే ఇల్లుగలాయన పాన్ కంపెనీకి ఇవ్వాలి. పాన్ ఇచ్చారంటే దారం కొస వాళ్ళ చేతికి ఇచ్చినట్టే. ఇల్లుగలాయన తన రిటర్న్‌లో అద్దె 3,00,000 అని చూపుతారు, మీరు 3,75,000 కట్టానంటారు. పరిశీలన మొదలయ్యాక అధికారి ఇల్లుగలాయనకు సెక్షన్ 133(6) కింద ఉత్తరం రాసి సమాచారం అడగవచ్చు. ఆయనకు మీ మీద ఎంత అభిమానం ఉన్నా, తనకు రాని 75,000 వచ్చిందని ఒప్పుకుని దాని మీద పన్ను ఎందుకు కడతారు? తర్వాత మీ బ్యాంకు స్టేట్‌మెంట్ అడుగుతారు. నెలనెలా ఐదో తారీఖున 25,000 వెళ్ళింది. మిగతా 6,250 నగదుగా ఇచ్చాననే మాట అందరూ చెప్పేదే. నగదు తీసిన ఆనవాళ్ళు ఖాతాలో లేకపోతే ఆ మాట నిలబడదు.

మా అమ్మగారి ఇంట్లో ఉంటూ ఆవిడకే అద్దె కడుతున్నాను. అది మోసమా?

కాదు. ఇల్లు ఆవిడ పేరున ఉండాలి, డబ్బు నిజంగా ఆవిడ ఖాతాకు వెళ్ళాలి, ఆవిడ తన ఆదాయంలో చూపాలి. ఏప్రిల్‌లో పంపిన 25,000 మే నెలలో మళ్ళీ మీ ఖాతాకే తిరిగి వస్తుంటే మాత్రం అది అద్దె కాదు, నాటకం.

'కావాలని' అంటే ఏమిటో చట్టంలో రాసి ఉందా, లేక అధికారి ఇష్టమా?

రాసి ఉంది. 270ఏ తొమ్మిదో ఉపసెక్షన్‌లో ఆరు సందర్భాలు ఉన్నాయి. వాస్తవాలను వక్రీకరించడం లేదా దాచడం. పెట్టుబడులను ఖాతా పుస్తకాల్లో రాయకపోవడం. ఏ ఆధారమూ లేని ఖర్చు చూపడం. పుస్తకాల్లో తప్పుడు పద్దు రాయడం. వచ్చిన డబ్బును పుస్తకాల్లో రాయకపోవడం. అంతర్జాతీయ లావాదేవీలను నివేదించకపోవడం. రెండింతలు వేయాలంటే మీ వ్యవహారం ఈ ఆరింటిలో ఏదో ఒకదానిలో ఇమడాలి.

మియాపూర్ ఆయనది మొదటిది, అందులో అనుమానం లేదు. మణికొండ ఆయన ఏ వాస్తవాన్నీ మార్చలేదు. అద్దె నిజం, రసీదు నిజం, ఊరు నిజం. ఆ ఊరికి ఏ శాతం వర్తిస్తుందన్న దగ్గర తప్పారు. నిబంధన తెలియకపోవడం సమర్థన కాదు కాబట్టి పన్ను కట్టాల్సిందే. కానీ తెలియకపోవడం వక్రీకరణ కూడా కాదు.

నిజం చెప్పాలంటే అన్ని కేసులూ ఇంత శుభ్రంగా విడిపోవు. ఫిక్స్‌డ్ డిపాజిట్ వడ్డీ చూపలేదనుకోండి. మర్చిపోయానని మీరంటారు, దాచారని వాళ్ళంటారు. బ్యాంకు దాని మీద టీడీఎస్ కోసి మీ పాన్ మీద నమోదు చేసి ఉంటే, శాఖ కళ్ళెదుట ఉన్నదాన్ని దాచడం ఎలా సాధ్యమని మేం వాదిస్తాం. ఆ వాదనకు బలం ఉంది. కానీ వరసగా మూడేళ్ళు అదే డిపాజిట్ 'మర్చిపోతే' మాకూ చెప్పడానికి మాటలుండవు.

పొరపాటైతే ఆ సగం కూడా తప్పించుకోలేమా?

రెండు దారులున్నాయి.

ఒకటి ఆరో ఉపసెక్షన్. మీ వివరణ నిజాయితీగా ఉందని, దాన్ని నిలబెట్టే వాస్తవాలన్నీ ముందుపెట్టారని అధికారికి నమ్మకం కుదిరితే ఆ మొత్తాన్ని తక్కువ చూపిన ఆదాయంగానే లెక్కించరు. అది సున్నా అయ్యాక జరిమానాకు తావే లేదు. మణికొండ ఆయన ఇక్కడ చేయాల్సింది ఉపన్యాసం కాదు. అద్దె ఒప్పందం, పన్నెండు నెలల బ్యాంకు చెల్లింపులు, ఫారం 16, తను వేసిన లెక్క కాగితం, ఇవి పెట్టి "50 శాతం వర్తిస్తుందనుకున్నాను, ఇదిగో నేను వేసిన లెక్క" అని నాలుగు వాక్యాలు రాస్తే చాలు.

ఇలాంటి పొరపాటు మీద సుప్రీంకోర్టు 2012లో ఇచ్చిన తీర్పు ఒకటి మా వృత్తిలో అందరికీ నోటికొచ్చు. ప్రైస్‌వాటర్‌హౌస్ కూపర్స్ సంస్థ తన సొంత రిటర్న్‌లోనే గ్రాట్యుటీ కేటాయింపు 23,70,306 రూపాయలు ఆదాయానికి తిరిగి కలపడం మర్చిపోయింది. అది కలపాల్సిన మొత్తమని రిటర్న్‌తో ఇచ్చిన టాక్స్ ఆడిట్ నివేదికలోనే ఉంది. అలా ఉన్నాక దాన్ని దాచడం అనలేమని, అంత నైపుణ్యం ఉన్న సంస్థకైనా ఇలాంటి తెలివితక్కువ పొరపాటు జరగొచ్చని కోర్టు జరిమానా కొట్టేసింది. అది పాత సెక్షన్ కింద వచ్చిన తీర్పు, కాబట్టి 270ఏకి అచ్చంగా అతకదు. కానీ నిజాయితీ గల పొరపాటు ఎలా ఉంటుందో చెప్పాల్సి వస్తే ఇప్పటికీ మేం ముందు తీసేది దాన్నే. ఊళ్ళోవాళ్ళందరికీ పన్ను సలహా ఇచ్చేవాళ్ళే మర్చిపోయారంటే మిగతావాళ్ళకు కాస్త ధైర్యం కూడా వస్తుంది.

రెండో దారి సెక్షన్ 270ఏఏ. దాన్ని ఇమ్యూనిటీ అంటారు. అధికారి వేసిన పన్ను, వడ్డీ డిమాండ్ నోటీసులో ఇచ్చిన గడువులోగా, మామూలుగా 30 రోజుల్లో, పూర్తిగా కట్టేయాలి. ఆ ఆర్డర్ మీద అప్పీలు వేయకూడదు. ఆర్డర్ చేతికి అందిన నెల ముగిసినప్పటి నుంచి ఒక నెలలోగా ఫారం 68లో దరఖాస్తు పెట్టాలి. షరతులన్నీ నెరవేరితే జరిమానా ఉండదు, ప్రాసిక్యూషన్ భయం కూడా ఉండదు. అయితే 2025 మార్చిలో ఆర్డర్లు అందుకున్న మన ఇద్దరికీ వర్తించే నిబంధన ప్రకారం తొమ్మిదో ఉపసెక్షన్ కేసులకు ఈ తలుపు మూసే ఉంది. మణికొండ ఆయనకు ఉంది, మియాపూర్ ఆయనకు లేదు.

ఈ రెండింటిలో మణికొండ ఆయన ఏది ఎంచుకోవాలి?

నన్నడిగితే ఇమ్యూనిటీయే. 11,700 కోసం వాదించి గెలవచ్చు. కానీ ఎదుటివారికి నమ్మకం కుదరడం మీద ఆధారపడే దారి అది. ఇమ్యూనిటీ షరతులు నెరవేరితే వచ్చేది. అసలు పన్ను మీద ఆయనకు పేచీ లేనప్పుడు అప్పీలు వదులుకోవడం వల్ల పోయేది కూడా ఏమీ లేదు.

పన్ను మీదే పేచీ ఉంటే లెక్క మారుతుంది. ఇమ్యూనిటీ తీసుకుంటే ఆ పన్ను మీద ఇక అప్పీలు ఉండదు. పెద్ద మొత్తాల్లో ఈ నిర్ణయం కూర్చుని ఆలోచించాల్సిందే.

గడువుల దగ్గర జనం ఎక్కడ తప్పుతారు?

రెండు గడువులు పక్కపక్కనే నడుస్తాయి, కానీ ఒకేసారి ముగియవు. ఆర్డర్ మార్చి 10న అందిందనుకుందాం. డబ్బు కట్టే 30 రోజులు ఏప్రిల్ 9 ప్రాంతానికి అయిపోతాయి. ఫారం 68కి ఏప్రిల్ 30 దాకా ఉంది. దరఖాస్తుకు నెలాఖరు దాకా సమయం ఉందిగా అని డబ్బు కూడా ఏప్రిల్ 25న కట్టేవాళ్ళున్నారు. అప్పటికి మొదటి షరతు చేజారిపోయింది. దరఖాస్తు సమయానికే వెళ్ళినా తిరస్కరిస్తారు.

ఇంకో పొరపాటు వడ్డీ వదిలేయడం. పన్ను కట్టేసి వడ్డీ తర్వాత చూద్దామంటే కుదరదు, రెండూ కలిపే కట్టాలి.

అప్పీలు గడువు పోతుందేమోనని ముందే అప్పీలు వేసేయడం మరో తప్పు. అలా వేస్తే ఇమ్యూనిటీ పోయినట్టే. నిజానికి ఆ భయం అక్కర్లేదు. ఫారం 68 పెట్టిన రోజు నుంచి దాన్ని తిరస్కరించిన ఆర్డర్ మీకు అందే రోజు దాకా పట్టిన కాలాన్ని అప్పీలు గడువులోంచి మినహాయిస్తారు. కానీ అంతకు ముందు గడిచిన రోజులు గడిచినవే. అందుకే దరఖాస్తును అప్పీలు గడువు లోపలే, డబ్బు కట్టిన మర్నాడే పెట్టేయమని చెబుతాం.

నోటీసు వచ్చింది. నాది ఏ రకమో దాన్ని చూసి ఎలా తెలుసుకోవాలి?

అసెస్‌మెంట్ ఆర్డర్ చివరి పేరాలు చదవండి. 270ఏ కింద జరిమానా చర్య ప్రారంభించామని ఉంటుంది. అక్కడ 'అండర్ రిపోర్టింగ్' అని మాత్రమే ఉందా, 'మిస్‌రిపోర్టింగ్' వల్ల జరిగిన అండర్ రిపోర్టింగ్ అని ఉందా చూడండి. రెండోది ఉంటే, తొమ్మిదో ఉపసెక్షన్‌లోని ఆరింటిలో ఏది అన్నారో, ఎందుకన్నారో వెతకండి. చాలాసార్లు అది ఉండదు. ఒకే అచ్చు వాక్యాన్ని అందరి ఆర్డర్ల కిందా అతికించినట్టుంటుంది.

అది మీకు పనికొచ్చే లోపం. ష్నైడర్ ఎలక్ట్రిక్ సౌత్ ఈస్ట్ ఏషియా కేసులో ఢిల్లీ హైకోర్టు 2022లో దీన్నే పట్టుకుంది. ఏ అంశం కింద మిస్‌రిపోర్టింగ్ అయిందో చెప్పకుండా ఆ మాట ఒక్కటి వాడి ఇమ్యూనిటీ నిరాకరించడం చెల్లదని చెప్పింది. కాబట్టి మణికొండ ఆయన ఆర్డర్‌లో మిస్‌రిపోర్టింగ్ అనే మాట అచ్చు వాక్యంగా వచ్చినా ఆయన ఆశ వదులుకోనక్కర్లేదు. ఫారం 68 పెట్టి, ఆరింటిలో ఏదీ తనకు ఎందుకు వర్తించదో దానితోపాటు రాయాలి.

ఇంకో మాట. జరిమానా వ్యవహారం ఇప్పుడు ఫేస్‌లెస్. జవాబు పోర్టల్‌లో పెట్టాల్సిందే. ఏసీ గార్డ్స్‌లోని ఇన్‌కమ్ టాక్స్ టవర్స్ మెట్లెక్కి ఎవరినో కలిస్తే పని జరుగుతుందనుకోవడం పాతకాలపు అలవాటు. మీ కేసు చూసే అధికారి ఏ ఊళ్ళో కూర్చున్నారో మీకు తెలియదు. మీ ముఖంలోని నిజాయితీ ఆయనకు కనపడదు, కాగితంలో ఉన్నదే కనపడుతుంది.

నోటీసు రాకముందే తప్పు తెలుసుకుంటే?

అప్పుడు ఇదంతా తప్పుతుంది. మన ఉదాహరణల్లోని ఇద్దరికీ 2023 డిసెంబర్ 31 దాకా సవరించిన రిటర్న్ వేసే వీలుండేది. దానికి అదనపు పన్ను లేదు, బాకీ పన్ను, వడ్డీ కడితే చాలు. ఆ తేదీ దాటాక అప్‌డేటెడ్ రిటర్న్ ఉంది. దానికి పన్ను, వడ్డీ కలిపిన మొత్తం మీద మొదటి విడత గడువులో అదనంగా 25 శాతం కట్టాలి. ఆలస్యమైన కొద్దీ ఆ శాతం పెరుగుతుంది.

మియాపూర్ ఆయనకు 2024 మేలో బుద్ధి పుట్టిందనుకుందాం. పన్ను 23,400, 14 నెలల వడ్డీ 3,276, కలిపి 26,676. దాని మీద 25 శాతం 6,669. తర్వాత పడిన 46,800కి బదులు ఇంతే. కానీ ఆయనకు జూన్‌లో పరిశీలన నోటీసు వచ్చింది. పరిశీలన నడుస్తుండగా ఆ ఏడాదికి అప్‌డేటెడ్ రిటర్న్ వేయలేరు. నోటీసు చేతిలో పట్టుకుని "ఇప్పుడు వేసేద్దామా సార్" అని వచ్చేవాళ్ళకు ఒక్క నెల ముందు రాలేదేమని అడగాలనిపిస్తుంది. అడిగి లాభం లేదు.

రిటర్న్ ఏజెంట్ వేశాడు. రీఫండ్‌లో వాటా తీసుకున్నాడు. ఏం పెట్టాడో నాకు తెలియదు. నా మీద రెండింతలు ఎలా వేస్తారు?

రిటర్న్ మీది, దాన్ని ధ్రువీకరించిన ఓటీపీ మీ ఫోన్‌కు వచ్చింది, రీఫండ్ మీ ఖాతాలో పడింది. చట్టం ముందు పన్నుదారు మీరే. మీరు ఇవ్వని రాజకీయ పార్టీ విరాళం చూపి ఏజెంట్ ఆ రీఫండ్ తెచ్చాడనుకుందాం. "తెలియదు" అన్న మాట పూర్తిగా పనికిరాదని అనను. ఏజెంట్‌తో జరిగిన వాట్సాప్ సంభాషణలో మీరు అసలు ఫారం 16 మాత్రమే పంపినట్టు, విరాళాల గురించి మాటే రానట్టు ఉంటే దాన్ని జవాబుకు జతచేస్తాం. కానీ ఎప్పుడూ ఇవ్వని రాజకీయ పార్టీ విరాళం మీద రీఫండ్ వచ్చినప్పుడు, జీతం మీద కోసిన పన్నులో సగానికి పైగా తిరిగి ఎందుకొచ్చిందని మీకు అనుమానం రాలేదా అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. దానికి జవాబు సిద్ధం చేసుకోండి.

నేను వ్యాపారిని. హెచ్ఆర్ఏ గొడవ నాకు లేదు. నాకిది ఎలా వర్తిస్తుంది?

బేగంబజార్‌లో స్టీలు సామాన్ల దుకాణం అనుకుందాం. యజమాని ఆదాయం 9,00,000 చూపారు. అధికారి లెక్క చూసి 12,00,000 అన్నారు. ఆ మూడు లక్షలు ఎక్కడి నుంచి వచ్చాయన్నదే ఇక్కడ ముఖ్యం.

పుస్తకాలన్నీ సరిగానే ఉన్నా, అవి రాసిన పద్ధతిలో లాభం సరిగ్గా తేలడం లేదని అధికారి తన అంచనాతో లాభ శాతం పెంచారనుకోండి. అలా అంచనా మీద కలిపిన మొత్తాన్ని ఆరో ఉపసెక్షన్ తక్కువ చూపిన ఆదాయంగా లెక్కించదు. పన్ను పడుతుంది, జరిమానా పడదు.

అలా కాకుండా గల్లాపెట్టెలో బిల్లు లేని అమ్మకాల చిట్టీలు దొరికాయి, ఆ డబ్బు పుస్తకాల్లో లేదు అనుకుందాం. అది తొమ్మిదో ఉపసెక్షన్‌లోని 'వచ్చిన డబ్బు రాయకపోవడం'. 9,00,000 మీద పన్ను 92,500. 12,00,000 మీద 1,72,500. తేడా 80,000, సెస్‌తో 83,200. జరిమానా 1,66,400. మూడు లక్షల్లో మొదటి లక్ష 20 శాతం శ్లాబులో, మిగతా రెండు లక్షలు 30 శాతంలో పడ్డాయని గమనించండి. దాచిన డబ్బు ఎప్పుడూ మీ ఆదాయం పైన వచ్చి కూర్చుంటుంది, అందుకే దానికి మీ అత్యధిక శ్లాబు రేటు తగులుతుంది.

ఖర్చుల బిల్లులు పోయాయనే కాంట్రాక్టర్లకు ఒక మాట. చట్టం అన్నది 'ఏ ఆధారమూ లేని' ఖర్చు అని. బిల్లు పోయినా బ్యాంకు చెల్లింపు, కూలీల హాజరు పట్టీ, సరుకు దిగిన చలాన్, ఏదో ఒకటి ఉంటే రెండింతల వాదనను ఎదుర్కోవచ్చు.

టీడీఎస్ ముందే కోసేశారు. పన్ను బాకీయే లేనప్పుడు జరిమానా ఎలా?

జరిమానాకు కొలమానం బాకీ కాదు, తక్కువ చూపిన ఆదాయం మీద పడాల్సిన పన్ను. ఎక్స్‌లోంచి వై తీసే లెక్కలో టీడీఎస్ ఎక్కడా రాదు. మణికొండ ఆయనకు కంపెనీ పూర్తి టీడీఎస్ కోసినా ఆయన లెక్కలో 23,400 తేలడానికి కారణం అదే.

నేను అసలు రిటర్నే వేయలేదు. అప్పుడు తేడా దేనితో చూస్తారు?

పన్ను పడని పరిమితితో. ఆ ఏడాది పాత విధానంలో, అరవై ఏళ్ళ లోపువాళ్ళకు అది 2,50,000. అధికారి మీ ఆదాయం 8,00,000 అని తేలిస్తే, తక్కువ చూపింది 5,50,000. పన్ను మాత్రం మొత్తం 8,00,000 మీద లెక్కేస్తారు: 72,500, సెస్‌తో 75,400. సగం జరిమానా అయితే 37,700. వాస్తవాలు దాచారని తేలితే 1,50,800. ఉద్యోగం మానేసి ఫ్రీలాన్స్‌లో పడి, టీడీఎస్ కోశారుగా ఇంకేముందిలే అనుకునే కుర్రాళ్ళు ఎక్కువగా ఈ గుంటలో పడుతున్నారు. వాళ్ళ ఆదాయం మీద కోసిన టీడీఎస్ ఫారం 26ఏఎస్‌లో కనిపిస్తుంది కాబట్టి దాచారనడం కష్టం. ఆ వాదనతో సగానికి దించడం ఒక పని. అక్కడి నుంచి ఇమ్యూనిటీ అడగడం రెండో పని. ఇమ్యూనిటీ దరఖాస్తుకు గడువు అదే, ఆర్డర్ అందిన నెల తర్వాతి నెలాఖరు.